ప్రొజెక్టర్ మీద సంస్థ రంగులు వెలిసిపోతుంటే: సమస్య - పరిష్కారం

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉన్న మా తెలుగు సంఘానికి రెండే రంగులు: పసుపు, కుంకుమ. బ్యానర్లు, రసీదు పుస్తకాలు, వాట్సాప్ పోస్టర్లు అన్నీ ఆ రెండిటితోనే. గత సర్వసభ్య సమావేశానికి నేను చేసిన స్లైడ్లూ అంతే, కుంకుమ నేల మీద పసుపు అక్షరాలు. ల్యాప్‌టాప్‌లో పెళ్లి శుభలేఖలా కళకళలాడాయి. ఆదివారం పదకొండింటికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వేసేసరికి మూడో వరసలోంచి ఒక పెద్దాయన, "బాబూ, జమాఖర్చులు నువ్వే చదివి వినిపించు, మాకేం కనబడట్లేదు" అన్నారు. తర్వాత రెండు సాయంత్రాలు అదే హాల్లో కూర్చుని ఎక్కడ తేడా వచ్చిందో వెతికాను. దొరికిన వరసలోనే రాస్తున్నాను.

సమస్య 1: ల్యాప్‌టాప్‌లో స్పష్టంగా ఉన్న అక్షరాలు తెర మీద వెలిసిపోతున్నాయి

ముందు ఒక చిన్న పరీక్ష. స్లైడ్ షో నడుస్తుండగా కీబోర్డు మీద B నొక్కండి. పవర్‌పాయింట్ తెరను నల్లగా చేస్తుంది. ఇప్పుడు తెర వైపు చూడండి. మీకు కనిపించేది నలుపు కాదు, బూడిద రంగు. ప్రొజెక్టర్ వెలుగును పంపగలదే కానీ చీకటిని పంపలేదు. కిటికీలోంచి, ట్యూబ్‌లైట్ల నుంచి తెల్ల తెర మీద పడే వెలుగే మీ స్లైడ్‌లో నలుపు. కుంకుమ లాంటి ముదురు రంగులన్నీ ఆ బూడిదలోకే కలిసిపోతాయి.

ఎంత కలిసిపోతున్నాయో లెక్క కట్టొచ్చు. లైట్ మీటర్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ను తెరకు ఆనించి, ముఖం ప్రొజెక్టర్ వైపు తిప్పి పట్టుకోండి. పూర్తి తెల్ల స్లైడ్ వేసి ఒకసారి, లెన్స్‌కు అట్ట అడ్డం పెట్టి ఇంకోసారి చూడండి. మా హాల్లో మొదటిది 500 లక్స్, రెండోది 100 వచ్చాయి. అంటే ప్రొజెక్టర్ ఇస్తున్నది 400, గది ఇస్తున్నది 100. గది వెలుగు ప్రొజెక్టర్ తెలుపులో నాలుగో వంతు, అంటే 0.25. ఫోన్ సెన్సర్ కొలత అంత కచ్చితం కాదు, కానీ మనకు కావలసింది నిష్పత్తే కాబట్టి పని జరుగుతుంది.

రెండు రంగుల వెలుగు తేడాను ఒక నిష్పత్తిగా చూపించే కాంట్రాస్ట్ చెకర్లు వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అవి మామూలు అక్షరాలకు 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉంటే చాలంటాయి. మన పసుపు #F2B705, కుంకుమ #7A1F2B. ఒకదాని మీద ఒకటి వేస్తే చెకర్ 5.6 చూపించింది. పాసైనట్టే కదా అనుకున్నాను. కానీ అది కంప్యూటర్ తెర కోసం కట్టిన లెక్క. హాలుకు ఇలా కట్టాలి:

```
(L1 + A) / (L2 + A)
```

L1 లేత రంగు వెలుగు, L2 ముదురు రంగు వెలుగు, A గది వెలుగు. తెలుపు 1, నలుపు 0 అనుకుంటే పసుపు 0.53, కుంకుమ 0.05 అవుతాయి. A దగ్గర 0.25 పెట్టి చూస్తే, కుంకుమ మీద పసుపుకు మిగిలింది 2.6 మాత్రమే. తెల్ల నేల మీద పసుపు అక్షరాలైతే 1.6, అంటే ఉన్నా లేనట్టే. తెల్ల నేల మీద కుంకుమ అక్షరాలకు 4.1. ఆ గదిలో అచ్చమైన నలుపు, తెలుపుల మధ్య కూడా 5 కంటే ఎక్కువ రాదు. ఈ 5 సంగతి తెలియకపోవడం వల్లే నేను రంగులు మార్చీ మార్చీ విసిగిపోయాను.

పరిష్కారం మొదట గోడ మీద స్విచ్ దగ్గర ఉంది. తెరకు దగ్గరగా ఉన్న ఒక్క వరస ట్యూబ్‌లైట్లు ఆర్పి, పక్క కిటికీకి దుప్పటి కట్టగానే A 0.1కి దిగింది. అదే పసుపు, అదే కుంకుమ జోడీ 2.6 నుంచి 4.1కి ఎక్కింది. వెనక లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి జనం కునుకు తీసే ప్రమాదమూ లేదు. కానీ ప్రతి హాల్లో ఇది మన చేతిలో ఉండదు. గాజు గోడలున్న ఆఫీసు మీటింగ్ రూముల్లో అసలే ఉండదు. అందుకని స్లైడ్లు మాత్రం 0.25 గదికి సరిపడా చేసుకోవాలి.

దానికోసం రంగులను మార్చలేదు, వాటి పనులు మార్చాను. నేల తెలుపు. అక్షరాలకు అదే కుంకుమను ఇంకాస్త ముదురు చేసి #4A0F18 పెట్టాను. దానికి ఆ గదిలో 4.65 వస్తుంది. 5 దాటని చోట ఇంతకంటే ఆశించడం అత్యాశే. పసుపుకు అక్షరాల పని పూర్తిగా తీసేశాను. పైన అడ్డంగా ఒక పట్టీ, పక్కన నిలువు గీత, ముఖ్యమైన అంకె వెనక ఒక పెట్టె, అంతవరకే. పసుపు పట్టీ మీద రాయాల్సి వస్తే నలుపు రంగులో, పెద్ద అక్షరాలతో. అక్కడ 3.1 వస్తుంది కాబట్టి శీర్షికకు సరిపోతుంది, జమాఖర్చుల పట్టికకు చాలదు.

"లోగో రంగు మారిస్తే ఎలా?" అని కార్యదర్శి గారు అడ్డుపడ్డారు. సబబైన ప్రశ్నే. లోగోను ముట్టుకోలేదు, తెల్ల నేల మీద దాని రంగుల్లోనే మూలన ఉంది. మారింది చదవాల్సిన అక్షరాల ఛాయ మాత్రమే. తెర మీద పక్కపక్కన పెట్టి చూపిస్తే రెండు కుంకుమలకూ తేడా ఆయనే పట్టలేకపోయారు.

సమస్య 2: లైట్లు ఆర్పినా పసుపు ఆవపిండిలా, ఆకుపచ్చ కలిసినట్టు మురికిగా కనిపిస్తోంది

ఇది గది తప్పు కాదు, ప్రొజెక్టర్ తప్పు. చాలా డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో తిరిగే రంగుల చక్రం ఉంటుంది. తెలుపు ఎక్కువ వెలగాలని అందులో ఒక తెల్ల ముక్క కూడా పెడతారు. దాంతో తెలుపు మెరుస్తుంది కానీ, రంగులకు ఆ ముక్క సాయం అందదు. పక్కనున్న తెలుపుతో పోలిస్తే పసుపు, ఎరుపు నీరసంగా కనిపిస్తాయి. రిమోట్‌తో పిక్చర్ మోడ్ తెరిచి Bright నుంచి sRGB కి గానీ Presentation కి గానీ మార్చండి. మొత్తం వెలుగు కొంచెం తగ్గుతుంది, పసుపు మాత్రం పసుపులా కనిపిస్తుంది. ఆ తగ్గిన వెలుగును మీ గది భరించలేకపోతే Bright లోనే ఉంచి, పసుపు మీద ఆశ వదులుకోవడం మేలు. అక్షరాలు పసుపులో లేవు కాబట్టి నష్టమేం ఉండదు.

సమస్య 3: ఇంగ్లిష్ చక్కగా కనిపిస్తోంది, పక్కనే తెలుగు సన్నగా చీమల బారులా ఉంది

మా లోగోలో ఇంగ్లిష్ పేరు Poppins Light లో ఉంది. నేను స్లైడ్లకూ అదే పెట్టాను. Poppins లో తెలుగు అక్షరాలు లేవు. లేనప్పుడు పవర్‌పాయింట్ ఊరుకోదు, వేరే ఫాంట్‌ను తెచ్చి ఆ చోట పెడుతుంది. చాలా ఆఫీసు థీమ్ ఫైళ్లలో తెలుగుకు రాసి ఉండే వరుస ఇది:

```
<a:font script="Telu" typeface="Gautami"/>
```

గౌతమి గీతలు సన్నం. ప్రొజెక్టర్ వెలుగు ఒక చుక్క నుంచి పక్క చుక్కలోకి కొంచెం చిందుతుంది. తెల్ల నేల మీది సన్న గీతను ఆ వెలుగు రెండు వైపుల నుంచీ కొరికేస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక గీత సన్నబడితే అక్షరం బతుకుతుంది. తెలుగులో థ లోపలి చుక్క, ధ కింది గీత పోయాయంటే రెండూ ద అయిపోతాయి. మా స్లైడ్‌లో "విద్యార్థుల నిధి" అన్న మాట సరిగ్గా అలాగే చితికింది. ఫాంట్ ఎంచుకునేటప్పుడు ఈ రెండు మాటలే రాసి చూడండి, చాలు.

తెలుగుకు Noto Sans Telugu లో Medium మందం తీసుకున్నాను. Regular హాల్లో కాస్త బలహీనంగా అనిపించింది, Bold లో గుడి, సున్నా లోపలి ఖాళీలు పూడుకుపోయాయి. ఇంగ్లిష్ కూడా Light వదిలి Poppins Medium కి మారింది. లోగోతో చుట్టరికం పోలేదు, గీతల మందం తెలుగుతో కలిసింది. జోడీ కుదరడమంటే ప్రధానంగా ఇదే, రెండు లిపుల మందం ఒకటిగా కనబడాలి. శీర్షికలకు Ramabhadra వాడి చూశాను. పోస్టర్‌కు బాగుంటుంది, తెర మీద రెండు మాటలు దాటితే నల్లటి ముద్దే. అన్నట్టు, క్లబ్‌హౌస్ వాళ్లు కన్నడలో కూడా ఒక స్వాగత స్లైడ్ ఉండాలన్నారు. Noto Sans Kannada అదే కుటుంబం కాబట్టి అక్కడ తంటా పడలేదు.

వీటిని ఒక్కో స్లైడ్‌లో కాకుండా View > Slide Master లో శీర్షిక పెట్టెకు, వచనం పెట్టెకు నేరుగా పెట్టండి. పాత స్లైడ్లలో మిగిలిన గౌతమిని Home > Replace > Replace Fonts తో ఒకేసారి మార్చొచ్చు. గూగుల్ ఫాంట్స్ నుంచి దింపుకున్న జిప్‌లో static అనే ఫోల్డర్ ఉంటే అందులోని Medium ఫైలునే ఇన్‌స్టాల్ చేయండి. బయట ఉన్న వేరియబుల్ ఫైలుతో పవర్‌పాయింట్‌కు సరిగా పడదు.

సమస్య 4: మధ్య వరసల దాకా బాగానే ఉంది, చివరి వరసకు అందట్లేదు

అక్షరాల సైజు ఎన్ని పాయింట్లు పెట్టాలన్న వాదన కంటే ఇది తేలిక. మా తెర వెడల్పు 8 అడుగులు, చివరి కుర్చీ 40 అడుగుల దూరంలో. అంటే తెర వెడల్పుకు 5 రెట్లు. ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు ఒక అడుగు. స్లైడ్‌ను పూర్తి తెరలో పెట్టి 5 అడుగులు వెనక్కి నిలబడి చదవండి. చివరి వరసలోని మనిషికి కనిపించేది అంతే. నాకు 28 పాయింట్ల దగ్గర హాయిగా అందింది, 20 దగ్గర కళ్లు చికిలించాల్సి వచ్చింది. మీకు కళ్లజోడు ఉంటే తీసేసి చూడకండి, అది వేరే పరీక్ష!

ఇక్కడే ఒక దొంగ ఉన్నాడు. వచనం ఎక్కువైతే పవర్‌పాయింట్ చెప్పకుండా అక్షరాలను కుదించి, వరసల ఎడం కూడా తగ్గిస్తుంది. "రాష్ట్ర", "స్త్రీ" లాంటి మాటల ఒత్తులు కింది వరస గుడుల మీదికి ఎక్కడం అప్పుడే మొదలవుతుంది. Format Shape లో టెక్స్ట్ బాక్స్ దగ్గర Do not Autofit ఎంచుకోండి, వరసల ఎడం 1.2 పెట్టండి. పట్టనిది రెండో స్లైడ్‌లోకి వెళ్లాలి.

సమస్య 5: హాలు కంప్యూటర్‌లో వేస్తే ఫాంట్లన్నీ మారిపోయాయి

ఆ కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేదు. విండోస్‌లో File > Options > Save లోకి వెళ్లి Embed fonts in the file టిక్ చేసి సేవ్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఒక పీడీఎఫ్ కూడా వేసుకోండి. యానిమేషన్లు పోతాయి, అక్షరాలు మాత్రం మీరు పెట్టినట్టే ఉంటాయి.

లోగోలోని బంగారు మెరుపు మాత్రం నాకు లొంగలేదు. అచ్చులో ఫాయిల్‌తో మెరిసే ఆ రంగు ప్రొజెక్టర్‌కు వచ్చేసరికి గోధుమ మరక. స్లైడ్ల కోసం మెరుపు లేని, ఒకే పసుపుతో ఉన్న లోగో ఫైలు ఇవ్వమని కార్యదర్శి గారిని అడిగాను. కమిటీలో పెడతానన్నారు.