కొబ్బరి వ్యాపారం లెక్కలు – 5వ పాఠం: లాటు మీద మిగిలిందెంత?

ఈ పాఠంలో నీళ్లున్న నీటికాయ, లోపలే ఎండిన కురిడీ ధరల తేడా చెబుతానన్నాను. అది వచ్చేసారికి వాయిదా. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, దాన్ని అలాగే వదిలేసి ముందుకు పోవడం కుదరదనిపించింది.

నేనడిగింది చిన్న ప్రశ్న. కోనసీమలో ఒక రైతు దగ్గర తోట మీద పీచు డొక్కతో ఉన్న కాయ కొన్నారు, ఒలిపించారు, పాడైన కాయ ఏరేశారు, మిగతాది వెయ్యి లెక్కన అమ్మారు, లాభమెంత అని. ఎక్కువమంది మొదటి అడుగే తప్పుగా వేశారు. డొక్క బరువు కాయ బరువులో వందకు 35 వంతులు ఉంటుందని 3వ పాఠంలో చెప్పాను కదా, దాన్ని తెచ్చి కాయల సంఖ్యలోంచి తీసేశారు. లాటులోని 10,500 కాయల్లో 35 శాతం పోగా 6,825 మిగిలాయట! మరి ఆ 3,675 కాయలు ఎక్కడికి పోయినట్టు?

ఒలిస్తే కాయ బరువు తగ్గుతుంది, కాయల సంఖ్య తగ్గదు. గునపం మీద ఒలిచాక కూడా అది ఒక కాయే. కాయ లెక్కన కొని కాయ లెక్కన అమ్మేవాడికి డొక్క నష్టం అనేదే లేదు. అతని లెక్కలో డొక్క రెండు చోట్ల వస్తుంది, రెండూ డబ్బు రూపంలోనే. ఒకటి ఒలుపు కూలి, అది ఖర్చు. రెండోది పీచు మిల్లు వాడు డొక్కకిచ్చే సొమ్ము, అది ఆదాయం. వానాకాలంలో తడిసిన డొక్కను మిల్లు వాడు తీసుకోకపోతే ఆ ఆదాయం సున్నా అవుతుంది, అంతే.

బరువు శాతం ఎప్పుడు కావాలంటే, కొనుగోలు ఒక కొలతలో, అమ్మకం ఇంకో కొలతలో ఉన్నప్పుడు. ఉదాహరణకు కేరళలో ఒలిచిన పచ్చికాయను కిలోల్లో కొంటారు. మీరు కాయ లెక్కన కొని అటువైపు కిలోల్లో అమ్మితే అప్పుడు బరువు చూడాలి. కోనసీమలోని అంబాజీపేట మార్కెట్లో నీటికాయ వెయ్యి లెక్కన నడుస్తుంది కాబట్టి ఈ పాఠమంతా వెయ్యి లెక్కే.

ఇప్పుడు ఆ లాటునే తీసుకుందాం. ధరలు లెక్క కోసం వేసుకున్నవి, ఇవాళ్టి మార్కెట్ ధరలు కావు.

రైతుకు డబ్బిచ్చింది 10,000 కాయలకు, కాయ 15 రూపాయలు. వందకు 5 కాయలు కొసరు మాట్లాడుకున్నారు కాబట్టి రాశిలోకి వచ్చింది 10,500. రైతుకు 1,50,000. ఒలుపు కూలి వెయ్యికి 1,000 చొప్పున 10,500 కాయలకు 10,500. ఇక్కడ ఆగి గమనించండి: కొసరు కాయ ఉచితంగా వచ్చినా దాన్ని ఒలవడానికి కూలి ఇవ్వాలి. కుళ్లిన కాయకు కూడా ఇవ్వాలి, ఎందుకంటే చాలా కాయలు ఒలిచే దాకా కుళ్లాయని తెలియదు. తోట నుంచి యార్డుకు బండి కిరాయి 6,000. సంచులు, ఎగుమతి కూలి, అంటే లారీకెత్తే కూలి, కలిపి 4,500. మొత్తం 1,71,000 బయటికి వెళ్లింది.

డొక్క పీచు మిల్లుకు వేస్తే కాయకు 60 పైసల చొప్పున 6,300 వచ్చింది. ఏరేసిన కాయలు 810. అందులో 540 కాయల్లో కొబ్బరి బాగానే ఉంది. పగిలినవి, మరీ చిన్నవి, నల్లి పట్టి వంకర పోయినవి. వాటిని ఎండుకొబ్బరి చేసేవాడు కాయ 5 రూపాయలకు తీసుకున్నాడు, 2,700. మిగతా 270 కుళ్లు కాయ, వాటికి విలువ లేదు. ఈ రెండు ఆదాయాలూ తీసేస్తే లాటు మీద మిగిలిన ఖర్చు 1,62,000.

బాగున్న కాయ 9,690. బయటి వ్యాపారికి వందకు 2 కాయలు కొసరు ఇవ్వాలి, అంటే అతను 100కి డబ్బిచ్చి 102 తీసుకుంటాడు. 9,690ని 102తో భాగిస్తే 95. అంటే డబ్బు వచ్చేది 95 వందలకు, 9,500 కాయలకు. కాయ 18 చొప్పున అమ్మితే 1,71,000. ఖర్చు తీసేస్తే లాభం 9,000.

ఈ జవాబు కొందరికి వచ్చింది. వాళ్ల కాగితం చూస్తేనే నాకు ఎక్కువ చికాకేసింది. వాళ్లు చేసింది ఇది: 10,000 కాయలు కొన్నాం, 10,000 కాయలు 18కి అమ్మాం, 1,80,000. ఖర్చు 1,71,000. లాభం 9,000. కొసరు లేదు, ఏరివేత లేదు, డొక్క సొమ్ము లేదు, అయినా జవాబు సరిగ్గా వచ్చింది! కారణం చూడండి. వాళ్లు అమ్మినట్టు రాసుకున్నవాటిలో 500 కాయలకు నిజానికి డబ్బు రాదు, అది 9,000 రూపాయల తప్పు. వాళ్లు వదిలేసిన డొక్క సొమ్ము, ఏరివేత కాయ సొమ్ము కలిపితే అదీ 9,000. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పక్క లాటులో ఇవే ధరలకు, ఇదే పాళ్లలో కుళ్లుతో ఏరివేత 1,500 అయితే ఈ పద్ధతి లాభం చూపిస్తుంది, చేతిలో మాత్రం నష్టం ఉంటుంది. అందుకే జవాబు కంటే ముందు కాగితం చూస్తాను.

ఇక రెండో గొయ్యి. దీని గురించి కాస్త సాగదీసి చెబుతాను, ఎందుకంటే పాత వ్యాపారులు కూడా ఇందులో పడతారు. ఏరివేత వందకు 8 పోతుందని అనుకోండి. రాశిలో ఒక్కో కాయకు అన్ని ఖర్చులూ కలిపి 16 రూపాయలు పడింది. అసలు ఎంత పడిందో చెప్పమంటే, 16కి 8 శాతం కలిపి 17 రూపాయల 28 పైసలంటారు. తప్పు. 8 శాతం అనేది కొన్న కాయలో లెక్కించినది. దాని భారం పడేది మిగిలిన కాయ మీద. వంద కాయలకు 1,600 పెట్టారు, మిగిలినవి 92. 1,600ని 92తో భాగించాలి. వచ్చేది 17 రూపాయల 39 పైసలు.

పదకొండు పైసలేగా అంటారు. 10,000 కాయల రాశిలో 9,200 మిగులుతాయి, దాని మీద ఆ పైసలే వెయ్యి రూపాయలు దాటుతాయి. సరే, వెయ్యి పోనీ. వాన తరవాత దింపిన రాశి తీసుకోండి, వందకు 20 పోయాయి. కలిపే పద్ధతిలో 19 రూపాయల 20 పైసలు. భాగించే పద్ధతిలో 1,600ని 80తో భాగిస్తే 20 రూపాయలు. కాయకు 80 పైసల తేడా, 8,000 కాయల మీద 6,400. వ్యాపారి 19 రూపాయల 60 పైసలకు అమ్మి కాయకు 40 పైసలు మిగిలిందనుకుంటాడు, నిజానికి 40 పైసలు పోయింది. ఏరివేత పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా వేగంగా పెరుగుతుంది. సగం కాయ పోయిందనుకోండి, కలిపేవాడు 24 అంటాడు, అసలు పడింది 32. కొసరుకూ ఇదే సూత్రం: వందకు 2 ఇస్తే 2 శాతం తీసేయడం కాదు, 102తో భాగించాలి.

శాతాల జోలికి వెళ్లకపోవడమే నాకు ఇష్టం. నేను ప్రతి లాటుకూ ఒక కాగితం తీసుకుని మూడు అంకెలే రాస్తాను: బయటికి వెళ్లిన డబ్బు, కాయ కాకుండా మిగతా వాటి మీద వచ్చిన డబ్బు, నాకు డబ్బు వచ్చే కాయల సంఖ్య. మొదటి దాంట్లోంచి రెండోది తీసి మూడో దాంతో భాగిస్తే అసలు పడిన ధర వస్తుంది. పై లాటులో 1,62,000ని 9,500తో భాగిస్తే 17 రూపాయల 5 పైసలు. ఫోన్లో వ్యాపారి 17 అన్నప్పుడు ఒప్పుకోవాలా వద్దా అనేది ఆ ఒక్క అంకె చూసి చెప్పవచ్చు.

మూడో అంకె సరిగ్గా రావాలంటే ఏరివేతను కంటి అంచనాతో కాకుండా చేత్తో లెక్కపెట్టాలి, అదీ రకం వారీగా. కాయను చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు రాకపోతే పగులు ఉందనో, నీరు ఇంకిపోయిందనో అర్థం. కళ్ల దగ్గర తడి, బూజు ఉంటే కుళ్లు మొదలైంది. పగిలింది మధ్యాహ్నానికే ఎండుకొబ్బరి వాడికి వెళ్లాలి, రెండు రోజులు ఉంచితే 5 రూపాయల కాయ సున్నా అవుతుంది. ఒలిచేటప్పుడు కళ్ల మీద పీచు జుట్టు వదలమని కూలీలకు గట్టిగా చెప్పండి. అది ఊడితే యార్డులో బాగున్న కాయ కూడా దారిలో పాడవుతుంది. లేతకాయ దింపితే లారీలో పగుళ్లు ఎక్కువ. ముదిరిన కాయ తట్టుకుంటుంది.

పగుళ్లు ఎక్కడ బయటపడ్డాయన్నదీ ముఖ్యమే. యార్డులో పోయిన కాయకు లారీ కిరాయి పడదు, పైగా 5 రూపాయలైనా తిరిగి వస్తాయి. అవతలి ఊళ్లో కొన్నవాడు తీసేసిన కాయకు కిరాయి అయిపోయి ఉంటుంది, పగిలిందాన్ని అక్కడ మీ తరఫున అమ్మేవాడెవడూ ఉండడు. అభ్యాసం దీని మీదే.

రైతుకు 8,000 కాయలకు డబ్బిచ్చారు, కాయ 14 రూపాయలు, కొసరు వందకు 5. ఒలుపు వెయ్యికి 1,000. తోట నుంచి బండి 5,000. సంచులు, ఎగుమతి 4,000. వాన వల్ల డొక్క అమ్ముడుపోలేదు. యార్డులో ఏరివేత 750, అందులో 450 కాయలు 5 రూపాయల చొప్పున పోయాయి, మిగతావి పారేశారు. అమ్మేటప్పుడు కొసరు వందకు 2.

యార్డులోనే ఒక వ్యాపారి కాయ 17 రూపాయల 50 పైసలకు అడిగాడు, లారీ ఖర్చు అతనిదే. లేదా మీరే 12,000 కిరాయికి లారీ కట్టి బయటికి పంపితే 19 రూపాయల 50 పైసలు. కానీ అక్కడ 150 కాయలు పగిలాయని, డబ్బిచ్చే కాయల్లోంచి ఆ 150 తీసేశారు. రెండు దారుల్లోనూ అసలు పడిన ధర, లాభం విడివిడిగా రాయండి. ఆ తరవాత బయటి ఊళ్లో తీసేసిన కాయలు 150 కాక 300 అయితే రెండో దారిలో ఏం మిగులుతుందో కూడా చూడండి. 150 దగ్గర రెండు దారుల లాభాల తేడా వంద రూపాయల లోపు రావాలి. వేలల్లో వస్తే ముందు రెండో దారిలో లారీ కిరాయి వేశారో లేదో చూసుకోండి, ఆ తరవాత డబ్బు వచ్చే కాయల్లోంచి 150 తీసేశారా లేదా అన్నది.