మంట వేడి లెక్క, 4వ పాఠం: సీపీని ఏ ఉష్ణోగ్రత దగ్గర తీసుకోవాలి?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ఇది: 25 డిగ్రీల దగ్గరున్న మీథేన్, సరిగ్గా సరిపడా గాలితో కలిసి పూర్తిగా మండింది, వేడి బయటికి ఏమాత్రం పోలేదు. వాయువులు ఎంతవరకు వేడెక్కుతాయి? వచ్చిన జవాబులు చాలావరకు మూడు అంకెల దగ్గర ఆగాయి: 7990 కెల్విన్, 3053, 2781. మూడూ తప్పే. అయితే అంకె చూడగానే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేయొచ్చు. అందుకని ఈసారి కొత్త ఇంధనం జోలికి పోకుండా ఇదే లెక్కను మళ్లీ విప్పుదాం.

```
CH4 + 2 O2 + 7.52 N2 → CO2 + 2 H2O + 7.52 N2
T = 298 + Q / Σ(n·Cp)
```

7990 వచ్చినవాళ్లు నైట్రోజన్‌ను వదిలేశారు. ఆక్సిజన్ ఒక మోల్ వస్తే గాలిలో దాని వెంట 3.76 మోళ్ల నైట్రోజన్ వస్తుంది. అది పెళ్లిలో పని ముట్టుకోకుండా విస్తరి ముందు కూర్చునే చుట్టం లాంటిది: మండదు, కానీ పుట్టిన వేడిలో సగానికి పైగా తినేస్తుంది. 3.76 కంఠతా వచ్చేయాలి, ఇంతకు మించి చెప్పను.

3053 వచ్చినవాళ్లు Q దగ్గర 890 కిలోజౌళ్లు వేశారు. అది ఉత్పత్తుల్లోని నీరు ద్రవంగా మారినప్పటి దహన ఎంథాల్పీ. మంటలో నీరు ఆవిరిగానే ఉంటుంది కాబట్టి రెండు మోళ్ల నీటికి, మోల్‌కు 44 చొప్పున 88 తీసేయాలి. మిగిలేది 802. పట్టికలో "గ్రాస్" అని ఉందా, "నెట్" అని ఉందా చూసుకోండి. మంటకు కావలసింది నెట్.

ఇక 2781. నైట్రోజన్ ఉంది, 802 వేశారు, కూడికలూ భాగహారాలూ సరిగానే ఉన్నాయి. అయినా 450 కెల్విన్లకు పైగా ఎక్కువొచ్చింది. నాకు విసుగు తెప్పించే తప్పు ఇదే. పుస్తకం వెనక అట్ట దగ్గర 25 డిగ్రీల సీపీ పట్టిక దొరుకుతుంది, దాన్నే తెచ్చి రెండు వేల కెల్విన్ల మంటకు అంటిస్తారు. CO2కి 37.1, నీటి ఆవిరికి 33.6, నైట్రోజన్‌కు 29.1. ఇవన్నీ గది వేడి దగ్గర నిజమే, మంటలో కాదు.

ఎందుకో నైట్రోజన్‌లో చూడండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ అణువు అటూఇటూ కదులుతుంది, గిరగిరా తిరుగుతుంది, అంతే. ఈ రెండింటి వల్ల వచ్చే సీపీ మూడున్నర R, అంటే 29.1. పట్టికలో ఉన్నదీ అదే. రెండు పరమాణువుల మధ్య బంధం కంపించడానికి అప్పటి వేడి చాలదు. వాయువు వెయ్యి కెల్విన్లు దాటేసరికి కంపనం కూడా వేడిలో తన వాటా తీసుకుంటుంది. 1200 కెల్విన్ల దగ్గర నైట్రోజన్ సీపీ 33.7. CO2లో వంగే కంపనం తేలికైనది కాబట్టి అక్కడ పెరుగుదల ఇంకా ఎక్కువ, 37.1 నుంచి 56.2కి పోతుంది. నీటి ఆవిరి 43.9. వేడిని దాచుకునే చోట్లు పెరిగితే అదే 802 కిలోజౌళ్లకు ఉష్ణోగ్రత తక్కువే పెరుగుతుంది.

ఇది చెప్పగానే కొందరు అవతలి గట్టు మీదికి దూకుతారు: "మంట 2300 కాబట్టి 2300 దగ్గరి సీపీ వేస్తాం" అని. అప్పుడు 2120 వస్తుంది, ఈసారి తక్కువ. వాయువు 298 నుంచి బయల్దేరి 2300 దాకా ఎక్కింది. దారి పొడవునా సీపీ మారుతూ పోయింది. మనకు కావలసింది మొదటిదీ కాదు, చివరిదీ కాదు, దారి మొత్తానికి సగటు. 298, 2300ల నడిమి ఉష్ణోగ్రత సుమారు 1300. నేను మాత్రం 1200తోనే మొదలుపెడతాను. సీపీ మొదట్లో చకచకా పెరిగి పైన మెల్లబడుతుంది కాబట్టి, సరైన సగటు నడిమికన్నా కాస్త కింద ఉంటుంది.

```
56.2 + 2×43.9 + 7.52×33.7 = 397.4 J/K
802300 / 397.4 = 2019
T = 298 + 2019 = 2317 K
```

దీన్ని సరిచూసుకోవడానికి సీపీతో పని లేని దారి ఒకటుంది. 298 నుంచి ఒక్కో వాయువు ఎంత ఎంథాల్పీ పెంచుకుందో జనాఫ్ పట్టికలు నేరుగా ఇస్తాయి. 2300 దగ్గర మన ఉత్పత్తులన్నీ కలిపి 790 కిలోజౌళ్లు, 2400 దగ్గర 834. మన 802 ఈ రెండింటి మధ్య పడుతుంది. నిష్పత్తి వేస్తే 2327. నోటి లెక్కకూ పట్టికకూ పది కెల్విన్ల తేడా, నాకు చాలు. 1200 ఊహ మీ ఇంధనానికి కుదరకపోతే, వచ్చిన జవాబుకు కొత్త నడిమి ఉష్ణోగ్రత తీసి ఇంకోసారి చేయండి. రెండో చుట్టులో దాదాపు నిలబడిపోతుంది.

కంప్యూటర్‌లో సమతాస్థితి లెక్క చేసినవాళ్లకు ఒక అట్మాస్ఫియర్ దగ్గర దాదాపు 2225 కనిపిస్తుంది. ఆ వంద తేడా సీపీది కాదు. అంత వేడిలో CO2లో కొంత CO, O2గా విడిపోతుంది, నీరూ కొద్దిగా విడిపోతుంది. విడిపోవడానికి వేడి ఖర్చవుతుంది. మన సమీకరణం పూర్తి దహనం అనుకుంది కాబట్టి ఆ ఖర్చు అందులో లేదు. జవాబు 1900 లోపు ఉంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. గాలి బదులు ఒట్టి ఆక్సిజన్ వాడితే మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది: సరైన పట్టికతో చేసినా 5000 దాటుతుంది, నిజానికి మంట 3050 దగ్గరే ఆగుతుంది.

బెంగళూరు నుంచి ఒక ప్రశ్న వచ్చింది, అక్కడ గాలి పీడనం తక్కువ కదా అని. మన లెక్కలో పీడనం ఎక్కడా రాదు. విడిపోవడం కాస్త పెరిగి కొద్ది కెల్విన్లు తగ్గొచ్చు, అంతే. దానికన్నా చెన్నై తేమ ఎక్కువ దెబ్బ కొడుతుంది. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున మన 9.52 మోళ్ల పొడి గాలి వెంట 0.37 మోళ్ల ఆవిరి వస్తుంది. దాని వంతు 16 కలిపితే కింది మొత్తం 397 నుంచి దాదాపు 414 అవుతుంది. ఉష్ణోగ్రత 80 కెల్విన్లు పడిపోతుంది. 25 బదులు 32 దగ్గర మొదలైనందుకు తిరిగొచ్చేది ఐదారు కెల్విన్లే.

అభ్యాసం. అదే మీథేన్, పొడి గాలి, కానీ గాలి 50 శాతం ఎక్కువ. సీపీలు 1000 కెల్విన్ల దగ్గరివి తీసుకోండి: CO2కి 54.3, ఆవిరికి 41.3, నైట్రోజన్‌కు 32.7, ఆక్సిజన్‌కు 34.9. నైట్రోజన్ మోళ్లు మీరే కట్టుకోండి. 1884 వస్తే, మండకుండా మిగిలిన ఆక్సిజన్‌ను కుడివైపు రాయడం మరిచిపోయారు. అది దొరికాక రెండో భాగం చేయండి: మంట 1600 దాటకూడదంటే గాలి ఎంత శాతం ఎక్కువ పంపాలి? ఇక్కడ తెలియనిది ఉష్ణోగ్రత కాదు, గాలి మోళ్లు. సమీకరణాన్ని తిప్పి రాయండి. సీపీలను 1000 దగ్గరే ఉంచుకోవచ్చా, మార్చాలా అన్నది కూడా మీరే తేల్చి, కారణం రాసి పంపండి.