సూర్య-చంద్ర మిడ్‌పాయింట్: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

జాతకంలో రెండు గ్రహాలకు సరిగ్గా మధ్యలో ఉండే బిందువే మిడ్‌పాయింట్. ఆకాశంలో అక్కడ ఏమీ ఉండదు, అయినా ఆ చోట ఇంకో గ్రహం పడితే ముగ్గురి ఫలితం కలిసి వస్తుందని ఈ పద్ధతి వాళ్లు చెబుతారు. 20వ శతాబ్దపు మొదటి భాగంలో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్టే దీన్ని పెంచి పెద్ద చేస్తే, రైన్‌హోల్డ్ ఎబర్టిన్ సులువు చేసి 1940లో పుస్తకంగా తెచ్చాడు. అన్నిటికంటే ముందు చూసేది సూర్య-చంద్ర మిడ్‌పాయింట్. సూర్యుడు సంకల్పం, చంద్రుడు మనసు. ఆ రెంటి నడుమ బిందువు కాబట్టి దాంపత్యాన్నీ, మనిషి లోపలి పొందికనూ దీన్నిబట్టి చెబుతారు.

ఇవి శాస్త్రీయంగా రుజువైన ఫలితాలు కావు, జ్యోతిషుల సంప్రదాయం. ఆ సంప్రదాయంలోనైనా ముందు లెక్క సరిగ్గా ఉండాలి కదా. ఉదాహరణకు అందరికీ తెలిసిన జాతకమే తీసుకుందాం: 1947 ఆగస్టు 15, అర్ధరాత్రి 00:00, ఢిల్లీ. లాహిరి అయనాంశతో రవి కర్కాటకం 27°59', చంద్రుడు కర్కాటకం 3°59'. మేషం మొదటి నుంచి లెక్కపెడితే 117°59', 93°59'. కూడి రెండుతో భాగిస్తే 105°59', అంటే కర్కాటకం 15°59'.

సమస్య: మిడ్‌పాయింట్ ఎదుటి రాశిలో పడుతోంది

రవి మీనం 20°, చంద్రుడు మేషం 20° అనుకోండి. ఇద్దరి మధ్యా ఉన్నది 30 డిగ్రీలే, మధ్యబిందువు మేషం 5° అని కంటికే తెలుస్తుంది. కానీ ఎక్సెల్‌లో 350, 20 కూడి సగం చేస్తే 185 వస్తుంది, అంటే తుల 5°. చక్రం 360 దగ్గర మళ్లీ సున్నా అవుతుందన్న సంగతి సగటుకు తెలియదు.

```
M = (A + B) / 2
|A - B| > 180 అయితే  M = M + 180
M >= 360 అయితే       M = M - 360
```

పై ఉదాహరణలో 185కి 180 కలిపితే 365, అందులోంచి 360 తీసేస్తే 5. సరిపోయింది.

ఈ తప్పు అన్నిచోట్లా నష్టం చేయదు. ఎబర్టిన్ పద్ధతిలో బిందువుకు ఎదురుగా ఉన్న గ్రహాన్నీ లెక్కలోకి తీసుకుంటారు, అందుకని 180 డిగ్రీలు తేడా వచ్చినా ఆ జాబితా మారదు. మన దగ్గర వాడుకలో ఉన్న భృగు బిందువు విషయం వేరు. అది రాహు-చంద్రుల మధ్యబిందువు. దాని మీదుగా శని, గురువు ఎప్పుడు నడుస్తారో చూస్తారు కాబట్టి ఎదుటి రాశిలో పడితే చెప్పిన కాలమంతా తారుమారవుతుంది. స్వతంత్ర భారత జాతకంలో రాహువు వృషభం 5°44', కనుక భృగు బిందువు మిథునం 4°52' దగ్గర వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ధనుస్సు చూపిస్తే రెండో లైనులోని షరతు చూడకుండానే 180 కలిపేస్తోందన్నమాట.

సమస్య: ఒక సాఫ్ట్‌వేర్ కర్కాటకం అంటుంది, ఇంకోటి సింహం అంటుంది

పాశ్చాత్య సైట్లు వసంత విషువత్తు నుంచి కొలిచే సాయనంలో లెక్కిస్తాయి, మనవి స్థిర నక్షత్రాల నుంచి కొలిచే నిరయనంలో. ఆ తేడానే అయనాంశ, 1947 నాటికి అది సుమారు 23°08'. కర్కాటకం 15°59'కి దాన్ని కలిపితే సింహం 9°07'. రెండూ ఒకే బిందువు.

రెండు గ్రహాలూ ఒకే మేర జరుగుతాయి గనుక వాటి నడుమ బిందువూ అంతే జరుగుతుంది, మిగతా గ్రహాల నుంచి దాని దూరం మారదు. చిక్కల్లా కలగలుపుతో వస్తుంది. జన్మ మిడ్‌పాయింట్‌ను నిరయనంలో రాసుకుని, గోచార శనిని ఎఫిమెరిస్ అనే పాశ్చాత్య గ్రహస్థానాల పట్టికలో చూస్తే ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా పడుతుంది. శని నడకకు అది దాదాపు రెండేళ్లు. ఏదో ఒకటి ఎంచుకుని, జన్మస్థానాలకూ గోచారానికీ అదే వాడండి.

సమస్య: మిడ్‌పాయింట్ దొరికింది, దాని మీద ఏ గ్రహమూ లేదు

ముందు సరిగ్గా వెతికారో లేదో చూడండి. రాశి చక్రంలో చూస్తే కర్కాటకం 15°59'కి దగ్గరలో బుధుడు 13°40'లో ఉన్నాడు, శని 20°28'లో ఉన్నాడు. అంతటితో ఆపేస్తే సగం పనే అయినట్టు. ఈ పద్ధతిలో బిందువు మీద ఉన్న గ్రహంతో పాటు దానికి 45, 90, 135, 180 డిగ్రీల దూరంలో ఉన్నవాటినీ లెక్కిస్తారు. జర్మన్లు దీనికోసం 90 డిగ్రీల డయల్ తయారు చేసుకున్నారు. మనకు డయల్ లేకపోయినా ఫరవాలేదు, ప్రతి స్థానాన్నీ 45తో భాగించి మిగిలిన శేషం రాసుకుంటే అదే పని జరుగుతుంది.

మన బిందువు 105°59', శేషం 15°59'. బుధుడి శేషం 13°40', శనిది 20°28', శుక్రుడిది 22°33', కుజుడిది 22°27', గురువుది 25°52', రాహుకేతువులది 35°44', లగ్నానిది 37°46'. ఎబర్టిన్ పద్ధతిలో సాధారణంగా అనుమతించే దూరం 1°30'. అందరికంటే దగ్గరున్న బుధుడు 2°19' దూరంలో ఉన్నాడు. నవగ్రహాలతో చూస్తే బిందువు ఖాళీ.

కానీ ఈ పద్ధతి పుట్టిన చోట యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ రాత్రి యురేనస్ నిరయనంలో సుమారు మిథునం 2°, అంటే 62°, శేషం 17°. దూరం ఒక డిగ్రీ. బిందువుకు 45 డిగ్రీల దూరంలో యురేనస్ ఉందన్నమాట, మామూలు రాశి చక్రంలో ఇది కంటికి ఆనదు. శేషాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: 44°30', 0°30' చూడ్డానికి దూరంగా ఉన్నా వాటి తేడా ఒక డిగ్రీయే.

అన్నీ చూశాక కూడా ఖాళీగానే ఉంటే అలాగే వదిలేయండి. రవిచంద్రులు పోగా మిగిలిన 8 గ్రహాల్లో ఒక్కోదానికీ అటు 1°30', ఇటు 1°30' కలిపి 3 డిగ్రీల పట్టీలో పడే అవకాశం 45లో 3, అంటే 15లో ఒకటి. ఆ లెక్కన సగానికి పైగా జాతకాల్లో ఈ బిందువు ఖాళీగానే ఉండాలి. ఖాళీ అంటే దోషం కాదు. బుధుణ్ణి ఎలాగైనా లాక్కురావాలని హద్దును రెండున్నర డిగ్రీలకు పెంచడం మాత్రం చేయొద్దు. హద్దు ముందే పెట్టుకోవాలి గాని గ్రహాన్ని చూశాక కాదు.

సమస్య: అదే జాతకం, ఒకచోట యురేనస్, ఇంకోచోట బుధుడు వస్తున్నాడు

ఇక్కడ దాదాపు ఎప్పుడూ టైమ్‌జోన్‌దే తప్పు. అర్ధరాత్రి 00:00ను మీరే గ్రీనిచ్ సమయంలోకి మార్చి ఆగస్టు 14, 18:30 అని ఎక్కించారు, కానీ జోన్ దగ్గర +5:30 అలాగే వదిలేశారు. సాఫ్ట్‌వేర్ ఇంకోసారి ఐదున్నర గంటలు తీసేస్తుంది.

చంద్రుడు రోజుకు సగటున 13°10', రవి సుమారు 1° నడుస్తారు. వాళ్ల మధ్యబిందువు ఇద్దరి వేగంలో సగంతో కదులుతుంది, అంటే రోజుకు 7° పైన, గంటకు దాదాపు 18'. ఐదున్నర గంటలకు సుమారు 1°37' వెనక్కి పోతుంది. అప్పుడు మన బిందువు కర్కాటకం 14°22' దగ్గర నిలుస్తుంది. బుధుడూ ఓ 25' వెనక్కి జరుగుతాడు, ఇద్దరి మధ్య దూరం 1°10' దాకా తగ్గుతుంది. లేని బుధుడు హద్దులోకి వచ్చాడు. యురేనస్ దాదాపు కదలదు కాబట్టి దూరం రెండున్నర డిగ్రీలు దాటి, ఉన్నది కాస్తా జారిపోయింది. ఫలితం రాసేవాడు అర్ధరాత్రి పుట్టిన దేశానికి పూర్తిగా వేరే జాతకం రాస్తాడు, అంకెలు మాత్రం తప్పుగా కనిపించవు.

పట్టుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: లగ్నం చూడండి. ఈ జాతకంలో వృషభ లగ్నం 7°46' అని అందరికీ తెలుసు. ఐదున్నర గంటలు తప్పితే లగ్నం రెండు నుంచి నాలుగు రాశులు జరిగిపోతుంది. సొంత జాతకంలోనైతే పాత కాగితం మీద పంతులుగారు వేసిన లగ్నంతో పోల్చుకోండి. అమెరికాలో పుట్టిన పిల్లలకైతే వేసవిలో గంట ముందుకు జరిపే సమయాన్ని సాఫ్ట్‌వేర్ పట్టించుకుందో లేదో కూడా చూడాలి.

‘తెల్లవారుజామున, ఓ పావుగంట అటూ ఇటూ’ అని పెద్దవాళ్లు చెప్పే టైము రవి-చంద్ర బిందువుకు సరిపోతుంది, తేడా 5' లోపే. లగ్నంతో కలిపిన మిడ్‌పాయింట్లకు అది చాలదు. లగ్నం సుమారు 4 నిమిషాలకొక డిగ్రీ నడుస్తుంది గనుక పావుగంటకు ఆ బిందువు ఇంచుమించు 2° జరిగి హద్దు దాటేస్తుంది. టైము నమ్మకంగా లేనప్పుడు లగ్నం జంటలను పక్కన పెట్టి రవి-చంద్ర ఒక్కటే చూడడం మంచిది.

సమస్య: ఎటు చూసినా ఏదో ఒక బిందువు కలుస్తోంది

సూర్యుడి నుంచి ప్లూటో దాకా 10 గ్రహాలకు 45 జంటలు. ప్రతి జంట మీదా మిగతా 8 గ్రహాలను సరిచూస్తే 360 పరీక్షలు. ఒక్కోదానికి 15లో ఒక వంతు అవకాశం ఉందన్నాం కదా, ఏ జాతకంలోనైనా ఊరికే పడేవి 24 వరకు ఉంటాయి. ‘మీ జాతకంలో 22 సెన్సిటివ్ పాయింట్లు యాక్టివ్‌గా ఉన్నాయి’ అని రిపోర్టు వచ్చిందంటే అందులో విశేషమేమీ లేదు.

ఒక జంటతో, ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. దాంపత్యం గురించి అడిగితే రవి-చంద్ర, ఆ తర్వాత కావాలంటే శుక్ర-కుజ. భారత జాతకంలో రవి-చంద్ర మీద యురేనస్ చూడగానే, హఠాత్తుగా విడిపోవడం అని చదివి దేశ విభజనకు అతికించాలనిపిస్తుంది. జరిగింది తెలిశాక అతికించడం చాలా తేలిక, నేనైతే దాన్ని రుజువుగా ఒప్పుకోను.

సమస్య: మిడ్‌పాయింట్ ఫలితం, మామూలు దృష్టి ఫలితం ఒకటే చెబుతున్నాయి

ఇది బలం కాదు, ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం. పౌర్ణమి నాడు పుట్టినవారికి రవిచంద్రులు ఎదురెదురుగా ఉంటారు, వాళ్ల మధ్యబిందువు ఇద్దరికీ 90 డిగ్రీల దూరంలో ఉంటుంది. అక్కడ శని ఉంటే ఆ శని ఇప్పటికే ఇద్దరికీ కేంద్రంలో ఉన్నాడు. అమావాస్య నాడైతే బిందువు ఇద్దరి మీదే పడుతుంది. అర్ధచంద్రుడి రోజుల్లో ఇద్దరికీ 45 డిగ్రీల దూరంలో ఉంటుంది.

అందుకే చదవడానికి ముందు రవిచంద్రుల మధ్య దూరం చూడండి. 0, 90, 180లకు దగ్గరగా ఉంటే మిడ్‌పాయింట్ కొత్తగా చెప్పేదేమీ లేదు, మామూలు దృష్టులు చదివితే చాలు. మన ఉదాహరణలో ఆ దూరం సరిగ్గా 24°. యురేనస్ చంద్రుడికి దాదాపు 32°, రవికి 56° దూరంలో ఉంది. ఆ రెండు దూరాలూ ఎబర్టిన్ చూసే కోణాలేవీ కావు. కాబట్టి ఆ ముగ్గురికీ సంబంధం ఉందని చెప్పేది ఈ జాతకంలో మిడ్‌పాయింట్ ఒక్కటే.