టిన్ కొనే లెక్క – 3వ పాఠం: పాకం వడకట్టాక మిగిలేదెంత?

పోయిన పాఠంలో ధరను బరువుతో భాగించి 100 గ్రాములకు ఎంత పడుతుందో చూడటం నేర్చుకున్నాం కదా. ఆ లెక్క పప్పులకీ బిస్కెట్లకీ బాగానే పనిచేస్తుంది గానీ పైనాపిల్ టిన్ దగ్గరికి వచ్చేసరికి బోల్తా కొడుతుంది. ఎందుకంటే అక్కడ మనం భాగించే బరువులో దాదాపు సగం చక్కెర నీళ్లే.

టిన్ మీద రెండు బరువులు ఉంటాయి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది నెట్ వెయిట్, అంటే రేకు డబ్బా బరువు తీసేస్తే లోపల ఉన్నదంతా, ముక్కలూ పాకమూ కలిపి. రెండోది డ్రెయిన్డ్ వెయిట్, పాకం వడకట్టాక మిగిలే ముక్కల బరువు. దీన్ని వెతుక్కోవాలి, చాలాసార్లు పక్కవైపునో పదార్థాల జాబితా కిందనో చిన్నగా ఉంటుంది. సాధారణంగా పారబోసే ద్రవంలో ప్యాక్ చేసిన ఆహారం మీద ఈ రెండో బరువు కూడా వేయాలని మన ఎఫ్ఎస్ఎస్ఎఐ లేబులింగ్ నిబంధనల్లో ఉంది, కాబట్టి పళ్ల టిన్ మీద అది కనబడకపోతే ఆ టిన్ని అక్కడే పెట్టేసి పక్కది తీసుకోండి. టమాటా ప్యూరీ, సాస్‌లో ఉడికించిన బీన్స్ లాంటి వాటి మీద మాత్రం వెతకొద్దు. వాటిలో ద్రవం కూడా తినేదే, వడకట్టేది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఒక కేసు చేద్దాం. ధరలు లెక్క కోసం నేను అనుకున్నవి, మీ ఊళ్లో ఉన్నవి వేసుకోండి.

షెల్ఫ్‌లో పైనాపిల్ స్లైసుల టిన్నులు రెండున్నాయి, రెండూ నెట్ వెయిట్ 850 గ్రాములే. మొదటిది 150 రూపాయలు, రెండోది 165. పోయిన పాఠం లెక్క ప్రకారం మొదటిది 100 గ్రాములకు 17.65, రెండోది 19.41, కాబట్టి చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. ఇప్పుడు టిన్ను తిప్పి చూడండి. మొదటిదాని డ్రెయిన్డ్ వెయిట్ 450 గ్రాములు, రెండోదానిది 510. ధరను ఈ బరువుతో భాగిస్తే మొదటిది 100 గ్రాముల ముక్కలకు 33.33 రూపాయలు, రెండోది 32.35. చవక అనుకున్నదే ఖరీదైంది! తేడా రూపాయే కావచ్చు, కానీ మొదటి టిన్‌లో మీకు 60 గ్రాముల ముక్కలు తక్కువ వచ్చాయి, అంటే ఒక స్లైసుకు తక్కువుండదు.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది గమనించరు. ఎమ్మార్పీ పక్కన ఇప్పుడు గ్రాముకు ఇంత అని యూనిట్ ధర కూడా వేస్తున్నారు, దాన్ని చూసి లెక్క చేసే పని తప్పిందనుకుంటాం. ఆ యూనిట్ ధర నెట్ వెయిట్ మీద కట్టిందే. మన రెండు టిన్నుల మీదా 0.18, 0.19 అని ఉంటుంది, పాకం కూడా పైనాపిల్ రేటుకే కొంటున్నట్టు. కిరాణా యాప్‌లో పేరు కింద కనబడే గ్రాములు కూడా మామూలుగా నెట్ వెయిటే. అక్కడ లేబుల్ వెనకవైపు ఫొటో పెద్దది చేసి చూడటం తప్ప దారి లేదు, ఫొటో లేకపోతే నేనైతే కొనను.

షాపులో ఫోన్ తీసి భాగహారాలు చేసే ఓపిక లేకపోతే శాతం చూడండి చాలు. డ్రెయిన్డ్ వెయిట్ నెట్ వెయిట్‌లో ఎంత వంతో చూడాలి. మన మొదటి టిన్ 53 శాతం, రెండోది 60. పాకంలో వేసిన పళ్లకు మన ప్రమాణాల్లో ఉన్న కనీసం 50 శాతం. కాబట్టి సగానికి కాస్త పైన ఉంటే అది మోసం కాదు, కింది గీత దగ్గర ఆగిపోయిన సరుకు, అంతే.

మరి లేబుల్ మీద వేసింది నిజమేనా? ఇంట్లో చూసుకోవచ్చు. వంటింటి డిజిటల్ కాటా ఒకటి, సన్న కన్నాల జల్లెడ ఒకటి కావాలి. ఖాళీ జల్లెడ బరువు ముందే రాసుకోండి. టిన్ను తెరిచి మొత్తం జల్లెడలో ఒంపి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది, జల్లెడను కాస్త వాలుగా పట్టి సరిగ్గా 2 నిమిషాలు ఆగండి. ల్యాబుల్లో కూడా ఇంతే, వాలు 17 నుంచి 20 డిగ్రీలు, సమయం 2 నిమిషాలు. పీచ్ సగాల్లాంటివైతే గుంటలో పాకం నిలిచిపోతుంది, వాటిని బోర్లించాలి. నొక్కొద్దు, ఊపొద్దు, పదినిమిషాలు వదిలేయొద్దు, అలా చేస్తే ముక్కలోంచి రసం కూడా కారిపోయి కంపెనీది తప్పులా కనిపిస్తుంది. రెండు నిమిషాలయ్యాక జల్లెడ అడుగు తుడిచి తూచి, జల్లెడ బరువు తీసేయండి.

450 అన్నచోట 440 వస్తే కంగారు పడనక్కర్లేదు. ఫ్యాక్టరీలో నింపేటప్పుడు తూచిన ముక్క, మన ఇంట్లో తూచే ముక్క ఒకటి కాదు. చిక్కటి పాకం ముందు పండులోంచి నీటిని లాగేస్తుంది, ముక్క బరువు తగ్గుతుంది, తర్వాత వారాల మీద చక్కెర ముక్కలోకి చేరి బరువు కొంత తిరిగొస్తుంది. పండు మాగిన తీరును బట్టి కూడా టిన్నుకూ టిన్నుకూ తేడా ఉంటుంది. 400 వచ్చిందనుకోండి, అప్పుడు అదే బ్యాచ్ నంబరున్న ఇంకో టిన్ను చూడండి. అది కూడా అలాగే ఉంటే, మూడోది తెరవకుండా బిల్లుతో సహా దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. మీరు తెరిచేసిన టిన్ను చూపిస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ కాబూలీ శనగల టిన్ సాధారణంగా 400 గ్రాములు, వడకడితే 240. ఇక్కడ ఇంకో మెట్టు ఉంది, ఎందుకంటే ఆ 240 ఉడికిన శనగల బరువు. ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే బరువు రెండింతలు దాటుతుంది కాబట్టి ఆ టిన్‌లో ఉన్నది సుమారు 100 గ్రాముల ఎండు శనగలే. టిన్ ధరను ఎండు శనగల ప్యాకెట్‌లో 100 గ్రాముల ధరతో పోల్చండి, మిగిలిన తేడా కుక్కర్ పెట్టే పని తప్పినందుకు మీరిచ్చే కూలి. అమెరికాలో చాలా టిన్నుల మీద అసలు రెండో బరువే వేయరు, పుట్టగొడుగులూ ఆలివ్‌లూ లాంటివి కొన్ని మినహాయింపు. అక్కడ జల్లెడే దిక్కు.

పాకం కూడా వాడుకుంటాం కదా అని అడుగుతారు. జ్యూస్‌లో వేసిన టిన్ అయితే సరే, ఆ రసం తాగొచ్చు, దానికి ఎంతో కొంత విలువ కట్టండి. చక్కెర పాకానికి మాత్రం నేను చక్కెర ధరే కడతాను, అంటే టిన్‌కి నాలుగైదు రూపాయలు కూడా రాదు. లైట్, హెవీ సిరప్‌ల తేడా వచ్చే పాఠంలో.

అప్పటిదాకా ఇది చేసి ఉంచండి. పుట్టగొడుగుల టిన్ ఒకటి 400 గ్రాములు, వడకడితే 200, ధర 90. ఇంకోటి 800 గ్రాములు, వడకడితే 440, ధర 190. నెట్ మీద ఏది చవక, ముక్కల మీద ఏది చవక? టిన్‌లో పుట్టగొడుగులు ముందే ఉడికి కుంచించుకుపోయి ఉంటాయి కాబట్టి పచ్చివాటి ధరతో గ్రాముకు గ్రాము పోల్చేయకండి, 200 గ్రాముల పచ్చి పుట్టగొడుగుల ప్యాకెట్ ఒకటి తెచ్చి ఉడికించి, వడకట్టి, మళ్లీ తూచి అప్పుడు పోల్చండి.