డెల్టా నేలలో ఆరు స్లాబుల భవనం: మట్టి పరీక్ష బోర్లు ఎంత లోతు, ఎంత దూరం

సమస్య: పది మీటర్లకే గట్టి నేల తగిలింది. బోరు ఆపేయొచ్చా?

భీమవరం దగ్గర ఒక అపార్ట్‌మెంట్ స్థలానికి మట్టి పరీక్ష రిపోర్టు నా చేతికి వచ్చింది. రెండు బోర్లు, ఒక్కోటి 10 మీటర్లు. 8 మీటర్ల దగ్గర ఇసుక మొదలైంది, ఎన్ విలువ, అంటే గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన సుత్తి దెబ్బలు, 32. అక్కడితో పని ముగించి, భవనం కింద అంతా ఒకే పలకలా వేసే ర్యాఫ్ట్ పునాది సరిపోతుందని రాశారు. ర్యాఫ్ట్ కొలత 18 × 24 మీటర్లు. దాని మీద పడే బరువు చదరపు మీటరుకు సుమారు 8 టన్నులు.

నాకు మనసొప్పలేదు. మూడో బోరు వేయించాను. 10 మీటర్ల దగ్గర డ్రిల్లర్ కూడా "గట్టి తగిలింది సార్, ఆపేద్దామా?" అన్నాడు. వద్దన్నాను. 12 మీటర్లకు ఇసుక అయిపోయింది. అక్కణ్ణుంచి 18 దాకా బూడిదరంగు బంకమట్టి, ఎన్ విలువ 4. ట్యూబులోంచి తీసిన ముక్కలోకి బొటనవేలు సులువుగా దిగిపోయింది.

కారణం: గోదావరి పాయలు మారినప్పుడల్లా ఇసుక మీద బంకమట్టి, బంకమట్టి మీద ఇసుక పేరుకున్న నేల ఇది. గట్టి పొర కింద మెత్తని పొర ఉండటం ఇక్కడ మామూలే. పైగా పునాది ఎంత వెడల్పయితే బరువు అంత లోతుకు పాకుతుంది. కిందికి పోయేకొద్దీ ఎంత మిగులుతుందో ఈ చిన్న సూత్రంతో చూడొచ్చు:

```
p = q·B·L / ((B+z)·(L+z))
```

ఇందులో q ర్యాఫ్ట్ మీద పడే బరువు, B, L దాని వెడల్పు, పొడవు, z దాని కింద లోతు, p ఆ లోతులో మిగిలే బరువు. ర్యాఫ్ట్ కింద 10 మీటర్ల దగ్గర ఇంకా 3.6 టన్నులు ఉంది, అంటే పైన పడ్డదాంట్లో 45 శాతం. మెత్తని పొర నడిమికి, అంటే ర్యాఫ్ట్ కింద 13.5 మీటర్లకు, 2.9 టన్నులు చేరుతుంది. ల్యాబ్ విలువలతో లెక్క కడితే ఆ ఒక్క పొరే దాదాపు 12 సెంటీమీటర్లు కుంగేలా తేలింది. మెత్తని బంకమట్టి మీద ర్యాఫ్ట్ వేసిన ఇలాంటి బహుళ అంతస్తుల భవనానికి ఐఎస్ 1904 అనే భారత ప్రమాణం ఒప్పుకునేది 12.5 సెంటీమీటర్లే, ఆ ఒక్క పొరే దాదాపు ఆ హద్దుకు చేరిపోయింది.

పరిష్కారం: గట్టి తగిలిందని కాదు, బరువు సన్నగిల్లిందని ఆపాలి. భవనం వల్ల పెరిగే ఒత్తిడి, అక్కడి మట్టి సొంత బరువులో పదో వంతుకు తగ్గే లోతు దాకా వెళ్ళాలి. నీళ్ళలో నానిన మట్టి బరువును ఘనమీటరుకు 0.8 టన్ను చొప్పున వేస్తే (నీళ్ళు పైకి తోసే బలం పోను మిగిలేది అంతే), ఇక్కడ అది ర్యాఫ్ట్ కింద 22, 23 మీటర్ల దగ్గర వస్తుంది. అందుకే మూడో బోరు నేల మట్టం నుంచి 25 మీటర్లు వేయించాను. ఐఎస్ 1892 చెప్పే 'వెడల్పుకు ఒకటిన్నర రెట్లు' ప్రకారం 27. రెండూ దగ్గర దగ్గరే.

18 కింద గట్టి పసుపు బంకమట్టి దొరికింది. లోతుగా దిగే స్తంభాల్లాంటి పైల్స్‌కు మారి, వాటి కొనలు 21 మీటర్ల దగ్గర నిలబెడదాం అనుకున్నాం. అప్పుడు అదే లెక్క కొన దగ్గర్నుంచి మళ్ళీ మొదలవుతుంది. 35 మీటర్ల దాకా ఒక బోరైనా ఉండాలి. పునాది రకం మారితే బోరు లోతూ మారుతుందని చాలామంది మర్చిపోతారు.

సమస్య: బోర్లు రెండూ ఒకేలా ఉన్నాయి, గొయ్యి తవ్వితే ఒక మూల నల్లటి బురద.

ఇదే స్థలంలో, ఈశాన్యం మూల. పక్క పొలం పెద్దాయన్ని అడిగితే "అది మా చిన్నప్పటి చేపల చెరువు బాబూ, పూడ్చి పదేళ్ళయ్యుంటుంది" అన్నాడు.

కారణం: రెండు బోర్లూ రోడ్డు వైపే వేశారు, రిగ్ దింపడానికి అక్కడ వీలు కాబట్టి. అది పాత చెరువు గట్టు. గట్టు మట్టి చెరువు గురించి ఏమీ చెప్పదు.

పరిష్కారం: ఎకరం దాకా ఉన్న స్థలానికి ఐఎస్ 1892 నాలుగు మూలలా ఒక్కోటి, నడుమ ఒకటి వేయమంటుంది. అది మొదలు మాత్రమే. ముందు గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు చూడండి, ఊళ్ళో అడగండి. చెరువో, పంట కాలువో, పాత పాయో ఉన్నట్టు తేలితే ఆ హద్దుకు అడ్డంగా రెండు వైపులా బోర్లు పడాలి, మధ్య దూరం 10 నుంచి 15 మీటర్లు. పక్క పక్క బోర్లలో మెత్తని పొర ముగిసే లోతులో మూడు మీటర్లకు పైగా తేడా వస్తే, వాటి నడుమ ఇంకొకటి తప్పదు. రెండిటి సగటు తీసి డిజైన్ చేస్తే భవనం ఒక పక్కకు ఒరుగుతుంది.

సమస్య: ఇసుకలో ఎన్ విలువ హఠాత్తుగా 5, 6కు పడిపోయింది.

లోతు పెంచే ముందు బోరులో నీటిమట్టం చూడండి. ఇక్కడ భూమిలో నీళ్ళు చాలా పైనే ఉంటాయి. రాడ్లు పైకి లాగేటప్పుడు బోరులో నీళ్ళు తగ్గితే, బయటి నీళ్ళు అడుగు నుంచి ఇసుకను వదులు చేసి లోపలికి తోస్తాయి. కడిగిన లోతుకూ, రాడ్డు ఆగిన లోతుకూ అర మీటరు తేడా ఉంటే ఇదే జరిగినట్టు. బోరును బెంటొనైట్ బంకమట్టి కలిపిన నీళ్ళతో అంచుదాకా నిండుగా ఉంచి, మళ్ళీ కడిగి, తర్వాతి లోతులో దెబ్బలు లెక్కపెట్టండి. చెడిన ఆ విలువను రిపోర్టులో గుర్తు పెట్టి పక్కన పెట్టాలి.