ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కొనేముందు ఏం రాయాలి, దిగాక ఏం చూడాలి?

"ఆక్సిజన్ కాన్సంట్రేటర్, 10 లీటర్లు, 4 నెంబర్లు. అర్జెంట్." ఇండెంటు పుస్తకంలో ఇంతకుమించి రాసినవాళ్ళని నేను తక్కువే చూశాను. మిషన్ వచ్చాక పేషెంటుకి సాచురేషన్ పెరగకపోతే మాత్రం "పనికిమాలిన మిషను అంటగట్టారండీ" అని నాకు ఫోను వస్తుంది. అంటగట్టలేదు బాబూ, మీరు అడిగిందే ఇచ్చారు.

2021లో కొన్న మిషన్లు కొన్ని మన జిల్లా స్టోర్లలో ఇప్పటికీ గోనె కప్పుకుని ఉన్నాయి. అట్టపెట్టె మీద "1 నుంచి 7 లీటర్లు, 90 శాతం" అని ఉంటుంది. రెండూ నిజమే, కాకపోతే ఒకేసారి కాదు. లీటరు దగ్గర 90 శాతం ఇచ్చే మిషనే ఏడు లీటర్ల దగ్గర ముప్పైకి పడిపోతుంది. లోపల రెండు గొట్టాల నిండా జియోలైట్ గుళికలుంటాయి. కంప్రెసర్ గాలిని ఒత్తిడితో తోస్తుంటే అవి నైట్రోజన్‌ని పట్టి ఉంచి ఆక్సిజన్‌ని వదులుతాయి. ఒక గొట్టం పని చేస్తుంటే రెండోది పట్టిన నైట్రోజన్‌ని బయటికి ఊదేస్తుంది. గుళికలు పట్టగలిగినదానికన్నా వేగంగా గాలి లాగితే నైట్రోజన్ కూడా కలిసి వచ్చేస్తుంది.

అందుకని స్పెసిఫికేషన్‌లో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "నిమిషానికి 10 లీటర్ల ప్రవాహం వద్ద, నిరంతరంగా నడుస్తూ, 40 డిగ్రీల వేడిలో, తేమ ఎక్కువున్న గాలిలో ఆక్సిజన్ 90 శాతానికి తగ్గరాదు." ఇందులో ఒక్క ముక్క తీసేసినా సప్లయరుకి సందు దొరుకుతుంది. 82 శాతానికి తగ్గితే దీపం వెలిగి బజరు మోగాలి అన్నది రెండో వాక్యం. మూడోది, మిషన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటరు. ఈ మిషన్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 80601-2-69 ప్రకారం ఉండాలని కూడా రాయండి. అయితే అదొక్కటే రాసి చేతులు దులుపుకోకండి.

కరెంటు సంగతి వేరే రాయాలి. మిషన్లు మామూలుగా 230 వోల్టులకి పది శాతం అటూ ఇటూ తట్టుకుంటాయి, అంటే కిందికి 207 వరకు. వేసవి సాయంత్రాలు పల్లె ఫీడర్ మీద 180 చూశాను నేను. ప్రతి మిషన్‌కీ విడిగా సర్వో స్టెబిలైజర్ అడగండి, 150 వోల్టుల నుంచి పనిచేసేది. 10 లీటర్ల మిషన్ నడిచేటప్పుడు తినేది సుమారు 600 వాట్లే. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి 2 కేవీఏకి తక్కువ వద్దు. వార్డంతటికీ ఒకే పెద్ద స్టెబిలైజర్ పెడతామనేవాళ్ళుంటారు. అది పోయిన రోజు నాలుగు మిషన్లూ పోతాయి. కరెంటే లేకపోతే ఇవన్నీ వట్టి డబ్బాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. జంబో సిలిండరులో ఏడువేల లీటర్లుంటాయి, 10 లీటర్ల చొప్పున పదకొండు గంటలకి పైగా వస్తుంది. మిషన్లు వచ్చాయని సిలిండర్లు వెనక్కి పంపేయకండి.

ఫిల్టర్లు, వారంటీ తరవాతి మెయింటెనెన్స్ రేటు కొటేషన్‌లోనే రాయించుకోండి. కొన్నాక అడిగితే వాళ్ళు చెప్పిందే ధర.

ఇక మిషన్లు దిగిన రోజు

పెట్టెలు లెక్కపెట్టి, సీరియల్ నెంబర్లు ఇన్వాయిస్‌తో సరిచూసి, అవర్ మీటరు ఫోటో తీయండి. కొత్త మిషన్ మీద పరీక్ష గంటలు కొన్ని ఉండొచ్చు గానీ వందలుండవు. ఒకసారి నాకు 1,400 గంటలు తిరిగిన "కొత్త" మిషన్ వచ్చింది. నడుస్తుండగా ప్లగ్గు పీకితే అలారం మోగాలి. ఇంతవరకు పది నిమిషాల పని.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది, అందరూ పాడుచేసేదీ ఇదే. సప్లయరు పంపిన కుర్రాడు స్విచ్చి వేసి, నాబ్ రెండు లీటర్ల దగ్గర పెట్టి, తన మీటరు తగిలించి "95 సార్, సంతకం పెట్టండి" అంటాడు. పెట్టకండి. మీటరు మీదై ఉండాలి. సెల్ ఉన్న ఎనలైజర్ అయితే ముందు బయటిగాలిలో 20.9, సిలిండరు ఆక్సిజన్ దగ్గర 99కి పైన చూపిస్తోందో లేదో చూసుకోండి. కాన్సంట్రేటర్ మీద 99 చూపిస్తే సంబరపడకండి, మీటరే తప్పు. గాలిలోని ఆర్గాన్‌ని జియోలైట్ ఆపలేదు కాబట్టి 96 దాటడం ఉండదు. తేమ సీసా తీసేసి, పొడిగాలినే కొలవాలి.

నాబ్ పూర్తిగా, అంటే 10 మీద పెట్టి అరగంట వదిలేయండి. 10, 20, 30 నిమిషాలకి అంకె రాసుకోండి. నాలుగు మిషన్లొస్తే నాలుగింటికీ చేయాలి. ఒకటి చూసి మిగతావి కూడా అంతేలే అనుకోవడం నేను ఒప్పుకోను. ఇదంతా రోగి పడుకునే వార్డులో, అక్కడి ప్లగ్గులోనే, మధ్యాహ్నం పూట చేయండి. ఆఫీసు గదిలో ఏసీ కింద కాదు.

దీంతోపాటు ప్రవాహం కూడా కొలవకపోతే ఈ అంకెలకి అర్థం లేదు. మిషన్ మీది ప్రవాహం చూపే గొట్టంలో బంతి 10 దగ్గర తేలుతున్నంత మాత్రాన 10 వస్తున్నట్టు కాదు, తక్కువ ఊదే మిషనే ఎక్కువ శాతం చూపిస్తుంది. మంచి ఫ్లో మీటరు ఉంటే సరే. యూరిన్ బ్యాగు నింపి చూసేవాళ్ళున్నారు, అది ఎక్కడ నిండిందో ఎవరికి తెలుస్తుంది? నేను నీళ్ళ డబ్బానే నమ్ముతాను. అయిదు లీటర్ల డబ్బాకి కొలిచి గీత పెట్టి, నిండా నీళ్ళతో టబ్బులో బోర్లించి, ట్యూబు మూతిలోకి దూర్చండి. గీత వరకు నీళ్ళు దిగడానికి 10 లీటర్ల దగ్గర 30 సెకన్లు పట్టాలి, 5 దగ్గర నిమిషం. మిషన్ ఆపేముందు ట్యూబు బయటికి లాగేయండి, లేకపోతే నీళ్ళు వెనక్కి పోయి గుళికలు తడుస్తాయి. తడిసిన జియోలైట్ మళ్ళీ పనికిరాదు.

టెక్కలి వైపు 30 పడకల ఆసుపత్రి ఒకదానికి నాలుగు మిషన్లు వచ్చినప్పటి కాగితం నా దగ్గరుంది. 5 లీటర్ల దగ్గర నాలుగూ 93 పైనే. 10 మీద అరగంట తరవాత మొదటిది 93, రెండోది 92. మూడోది పది నిమిషాలకి 91 ఉంది, ఇరవైకి 84, ముప్పైకి 76. పది నిమిషాలకే ఆపేసి ఉంటే పాసయిపోయేది. 76 దగ్గర కూడా పసుపు దీపం వెలగలేదు, అంటే అలారం కూడా పనిచేయడం లేదు.

నాలుగోది 95 చూపించింది. "ఇదే బెస్టు పీసు సార్" అన్నాడు కుర్రాడు. డబ్బా బోర్లించాం. నాతోపాటు స్టాఫ్ నర్సు గారు కూడా ఫోన్లో టైము చూస్తున్నారు. ముప్పై సెకన్లకి నీళ్ళింకా గీతకి పైనే ఉన్నాయి, గీత చేరేసరికి 42 సెకన్లు. నిమిషానికి ఏడు లీటర్లే వస్తోంది. కుర్రాడు బంతి కేసి చూశాడు, బంతి మాత్రం 10 దగ్గరే ఉంది.

మూడు, నాలుగు నెంబర్లు తీసుకోలేదు. సీరియల్ నెంబర్లు, అంకెలు, వోల్టేజీ, టైము వేసి, మేం ఇద్దరం, ఆ కుర్రాడు సంతకాలు పెట్టాం. బిల్లు రెండింటికే పాస్ చేశారు. మూడు వారాలకి వచ్చిన మారు మిషన్లకీ అదే డబ్బా, అదే అరగంట. ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద అప్పుడు సంతకమైంది.