వానలు మొదలవక ముందే మెట్ల కాంక్రీటు లెక్క చూసుకోండి

మొన్న మధురవాడ వైపు ఒక ఇంట్లో మెట్ల కాంక్రీటు వేస్తుంటే, పై వరుసలో రెండో మెట్టు దగ్గర మాల్ అయిపోయింది. సిమెంట్ వచ్చేలోపు వాన పట్టుకుంది. మిగతాది మర్నాడు వేశారు. ఇప్పుడు ఆ అతుకు కింద వైపు సన్నటి గీతలా కనిపిస్తోంది, వాన పడితే అక్కడే చెమ్మ. అక్టోబర్, నవంబర్ వాయుగుండాలు వచ్చే కాలం కాబట్టి ఇది రాస్తున్నాను.

తప్పు మేస్త్రీ పనిలో లేదు, లెక్కలో ఉంది. మెట్ల కింద వాలుగా ఉండే పలకను నేల మీద పడే పొడవుతో కొలిచారు, వాలు పొడవుతో కాదు. నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

ఆ ఇంట్లో అంతస్తు ఎత్తు 3 మీటర్లు. రెండు వరుసలు, ఒక్కో వరుసలో 9 మెట్లు. పదో రైజర్, అంటే పదో ఎత్తు, ఎక్కితే ల్యాండింగే. అడుగు పెట్టే ట్రెడ్ 25 సెంటీమీటర్లు, రైజర్ 15, వెడల్పు 1.2 మీటర్లు, వెయిస్ట్ స్లాబ్ అనే ఆ వాలు పలక మందం 15 సెంటీమీటర్లు. అడ్డంగా కొలిస్తే పొడవు 2.25 మీటర్లే. కానీ ఒక్కో మెట్టుకు వాలు 29.15 సెంటీమీటర్లు, తొమ్మిదింటికి 2.62 మీటర్లు. దాన్ని 1.2తో, 0.15తో గుణిస్తే పలక 0.47 ఘనపు మీటర్లు. పైన మెట్ల త్రికోణాలు: 0.25, 0.15ల లబ్ధంలో సగం, దాన్ని 1.2తో, 9తో గుణిస్తే 0.20. సగం చేయడం మర్చిపోతే రెట్టింపు వస్తుంది. వరుసకు 0.675, రెండిటికీ 1.35. ల్యాండింగ్ 2.5 × 1.2 × 0.15 అంటే 0.45. మొత్తం 1.80.

వాళ్లు అడ్డం పొడవే తీసుకుని, త్రికోణాలు పూర్తిగా వదిలేసి 1.26 అనుకున్నారు. సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంట్. అంటే నాలుగు బస్తాలకు పైనే తక్కువ.

కొంతమంది పలక వేసి, మెట్లు ఇటుకతో కడతారు. అలాగైతే త్రికోణాలు వద్దు, కానీ అది ముందే తేల్చుకోండి.

మందం కూడా వాలుకు లంబంగానే కొలవాలి, మెట్టు లోపలి మూల నుంచి సెంట్రింగ్ పలక దాకా. నిలువుగా 15 కొలిస్తే అసలు మందం 13 కూడా ఉండదు.

పొడవు వాలు మీదే, మళ్లీ చెబుతున్నా. ల్యాండింగ్ బీమ్ విడిగా లెక్కించండి. రెండు బస్తాలు అదనంగా దించండి. ఇసుక, కంకర కూడా ఆ మేరకు. టార్పాలిన్ సైటులోనే ఉండాలి. మబ్బు పడితే మొదలుపెట్టొద్దు. ఆపక తప్పకపోతే ఎక్కడ ఆపాలో ఇంజనీరుని ముందురోజే అడగండి. మాల్ చాలట్లేదని పలక పల్చన చేయనివ్వొద్దు. నీళ్లు పోసి సాగదీయనివ్వొద్దు.